నాలుగో స్లైడు

ఆసుపత్రిలో అందరూ ఆవిడని స్లైడు మేడమ్ అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో తేల్చడం ఆవిడ ఉద్యోగం. వారానికోసారి వైద్య విద్యార్థులకు పాఠం చెప్పడం కూడా ఆవిడ పనే. ఆ రోజు పాఠమైతే మరీ నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అవే మూడు స్లైడ్లు: లింఫ్ నోడ్, ప్లీహం, థైమస్. మూడూ రోగాలతో పోరాడే కణాలుండే చోట్లే, మూడింటిలోనూ ఊదారంగు చుక్కల గుంపులే. కొత్త కళ్లకు మూడూ ఒక్కలాగే ఉంటాయి.

ముందు అంచు చూడమంది. లింఫ్ నోడ్‌లో పైపొర కింద సన్నని ఖాళీ దారి ఉంటుందనీ, బయటి నుంచి వచ్చే ద్రవం మొదట అందులోకే దిగుతుందనీ, దాని కింద గుండ్రటి ముద్దలు, వాటి నడుమ లేతగా వెలిసినట్టుండే కేంద్రాలు కనిపిస్తాయనీ చెప్పింది. ప్లీహానికి వెలుపలి భాగం, లోపలి భాగం అన్న తేడాయే లేదు. రక్తంతో నిండిన ఎర్రటి మైదానం, అందులో అక్కడక్కడా ఊదా దీవులు, దీవికో చిన్న ధమని. ఆ దీవుల్ని తెల్ల గుజ్జు అంటారు, స్లైడు మీద తెలుపు మచ్చుకైనా కనపడదు, పేరు పెట్టినవాళ్లనే అడగండి అని ఏటా వేసే జోకు ఈ ఏడూ వేసింది. పిల్లలు మర్యాదకి నవ్వారు.

"ఇక థైమస్. అంచు కింద ఖాళీ ఉండదు. లేత కేంద్రాలున్న ముద్దలుండవు. సన్నటి గోడలతో చిన్న చిన్న గదులుగా విడిపోయి ఉంటుంది. గదికి బయటివైపు ముదురు, లోపల లేత. ఆ లేత భాగంలో ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న గులాబీ సుడులుంటాయి, హాసల్ సుడులు. అవి ఇంకెక్కడా ఉండవు. ముక్క చిన్నదై, ముదురు భాగం ఒక్కటే చిక్కిందనుకోండి..."

అక్కడ ఆగిపోయింది.

పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. మేడమ్‌కి మాత్రం మూడు రోజుల కిందట తను సంతకం పెట్టిన రిపోర్టు కళ్ల ముందుకొచ్చింది. మూడున్నరేళ్ల పాప. దవడ కింద మెడలో గడ్డ. సూదితో తీసిన అగ్గిపుల్లంత ముక్క. ఎప్పుడూ ముందు స్లైడు చూసి, తర్వాతే దాంతో వచ్చిన డాక్టరు కాగితం చదవడం ఆవిడ అలవాటు. ఆ రోజు పని ఒత్తిడిలో కాగితమే ముందు చదివేసింది. 'మెడ లింఫ్ నోడ్, క్యాన్సర్ అనుమానం' అని ఉంది. ముక్కలో చూస్తే ముద్దల్లేవు, లేత కేంద్రాల్లేవు, కిక్కిరిసిన ముదురు కణాలు. ప్రత్యేక రంగులు వేయిస్తే అవన్నీ ఇంకా ఎదగని కణాలని తేలింది. లింఫ్ నోడ్ నిండా ఎదగని కణాలంటే క్యాన్సరే. అలాగే రాసేసింది.

అది లింఫ్ నోడ్ అయితేగా! ఎదగని కణాలు పెరిగే ఇల్లే థైమస్. అక్కడ అవి ఉండాల్సిందే. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు థైమస్ మెడలోంచి ఛాతీలోకి దిగుతుంది, దిగుతూ దారిలో ఒక ముక్క మెడలో ఉండిపోవడం కద్దు. ఆ స్లైడులో ఓ పక్కన సన్నటి గోడలాంటిది కనిపించడం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. చూసి కూడా పట్టించుకోలేదు.

పాపకి క్యాన్సర్ మందు ఎక్కించడం ఈ రోజే, పదకొండింటికి మొదలవుతుంది. గడియారంలో పావు తక్కువ పది.

క్లాసు అలాగే వదిలేసి వరండాలోకొచ్చి క్యాన్సర్ వార్డు డాక్టరుకి ఫోన్ చేసింది. మందు ఆపమంది. ఆయన నమ్మలేదు, రిపోర్టు మీదే కదా అన్నాడు. నాదే, అందుకే ఆపమంటున్నాను అంది. చివరికి సరేనన్నాడు.

అక్కణ్ణుంచి ల్యాబుకి పరుగు. అక్కడ రోగుల ముక్కల్ని పొదిగిన మైనపు దిమ్మల్లోంచి పలచటి పొరలు కోసే టెక్నీషియన్ని అందరూ బ్లేడు బాబాయి అంటారు, కోతలోనూ కబుర్లలోనూ ఆయనకి సరిజోడు లేదని. పాప దిమ్మ తీసి ఇంకా లోతుకి కోయమంది. ఆవిడ మొహం చూసి ఆయన ఒక్క కబురు కూడా చెప్పలేదు. పొరలు గోరువెచ్చటి నీళ్ల మీద తేలాయి, గాజు మీదికి ఎక్కాయి, ఆరాయి, రంగులో మునిగాయి. ముప్పావుగంట పట్టింది. ఆవిడకది ముప్పై ఏళ్లు.

కొత్త స్లైడు పెట్టి చూసింది. ముదురు, ముదురు, ఓ సన్నటి గోడ, మళ్లీ ముదురు. ఆ పక్కన లేత భాగం. ఆ లేత భాగంలో మూడు గులాబీ సుడులు. పక్క గదుల్లోంచి ఇద్దరు డాక్టర్లను పిలిచి, ఏమీ చెప్పకుండా చూడమంది. ఇద్దరూ థైమస్ అన్నారు.

వార్డుకి తనే వెళ్లింది. మంచం మీద పాప గుండుతో కూర్చుని ఉంది. పక్కన తండ్రీ గుండుతోనే ఉన్నాడు. ఎలాగూ ఊడిపోయే జుట్టే కదాని, పాప బెదరకుండా పొద్దున్నే ఇద్దరూ కలిసి గీయించుకున్నారట. పాప ఆయన గుండు మీద దరువేస్తోంది. తల్లి గోడవైపు నిలబడి ఉంది, బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది.

మేడమ్ దాచకుండా చెప్పింది. పాపకి క్యాన్సర్ లేదనీ, ఆ గడ్డ ఉండాల్సిన చోట కాక మెడలో ఉండిపోయిన మంచి అవయవమేననీ, తప్పు తనదేననీ. తండ్రి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. తల్లి మాత్రం కదల్లేదు.

"మొన్నటి కాగితం మీదా మీ సంతకమే. ఇప్పుడు చెప్పేదీ మీరే. ఏది నమ్మమంటారు మేడమ్?"

ఇంకో ఇద్దరు చూశారని చెప్పొచ్చు. కానీ ఈ తల్లికి డాక్టర్ల మాట మీద నమ్మకం ఎక్కడ మిగిలింది?

"నా మాట నమ్మొద్దమ్మా. మీరే వచ్చి చూడండి," అంది.

ల్యాబులో తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టింది. క్లాసులోంచి తెప్పించిన మూడు స్లైడ్లు, పేర్లు చెప్పకుండా, ఒకటి తర్వాత ఒకటి పెట్టింది. తల్లి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

మొదటిదానికి లైనింగుకీ గుడ్డకీ మధ్య వదులున్నట్టు అంచు కింద ఖాళీ ఉందంది. రెండోది ఎర్రగుడ్డ మీద ఊదా మచ్చలంది. మూడోది ముక్కలు ముక్కలుగా అతికినట్టుంది, లోపల పలచటి చోట గులాబీ చుట్టలున్నాయంది. అప్పుడు మేడమ్ నాలుగోది పెట్టింది.

తల్లి చూసింది. మొదటిది మళ్లీ పెట్టమంది, చూసింది. మూడోది అడిగింది. మళ్లీ నాలుగోది.

"అంచు కింద వదులు లేదు. చుట్టలున్నాయి. ఇది ఆ మూడోదే."

"అవునమ్మా. అదే."

తల్లి తలెత్తింది. కళ్ల నిండా నీళ్లు, అయినా చూపు మేడమ్ మొహం మీంచి పక్కకి పోలేదు.

"కుట్టుపని చేసుకునేదాన్ని, నాకే కనపడిందే. మీకెందుకు కనపడలేదు?"

మొదటి ముక్కలో సుడులు లేవనీ, లోతుకి కోస్తేనే దొరికాయనీ మేడమ్ నోటిదాకా వచ్చింది. అది నిజమే. మింగేసింది.

"నేను స్లైడు కంటే ముందు కాగితం చూశానమ్మా," అంది.

తల్లి కళ్లు తుడుచుకుని, మళ్లీ వంగి, నాలుగో స్లైడునే చూస్తూ కూర్చుంది.