నాలుగు ప్లస్ గుర్తులు

కంప్యూటర్ మెకానిక్కును పిలిపించింది గీతల అక్కే. కొరివితో తల గోక్కోవడమంటే అదేనని ఆ ఉదయం ఆమెకు తెలియదు.

పిల్లల బొమ్మల పుస్తకాలు చేసే ఆ స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా ముఖాలకు చివరి గీత ఆమెదే, అందుకే ఆ పేరు. నాలుగు నెలల కిందట ఆమె రెండు కళ్లలోనూ నడిమధ్య ఒక మసక మచ్చ చేరింది. నేరుగా చూసినదల్లా ఆ మచ్చలో మునిగిపోతుంది. ఇక పెరగకుండా చూడగలమేమో గానీ పోయింది తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఈ సంగతి ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. స్టూడియోలో తెలిస్తే, కొత్త పుస్తకాల ముఖాలన్నీ ఆమెకే ఇస్తానన్న డైరెక్టరమ్మ ఇంకొకరిని వెతుక్కుంటుంది.

కంటి అంచులతో మాత్రం బాగానే కనబడుతుంది. ముఖం ఎడమకు తిప్పి, కుడి భుజం మీదుగా వాలి, కోడి గింజను చూసినట్టు ఓరగా చూస్తే సన్నని వెంట్రుక కూడా దొరుకుతుంది. మెడ పట్టేసిందని అందరికీ చెప్పి, గీసే తెరను కూడా అలాగే కూర్చుని సెట్ చేసుకుని, రోజూ అలాగే గీసింది. ఎవరూ అనుమానించలేదు.

నిన్న ఆమె పెన్నుతో గీసే తెర పక్కన ఇంకో రెండు తెరలు పెట్టారు, ఒకటి మెయిళ్లకు, ఒకటి నమూనా బొమ్మలకు. అక్కడితో ఆ పెన్ డిస్‌ప్లేకి మతి పోయింది. పెన్ను ఇక్కడ కొసకి జరిపితే కర్సరు మూడు తెరలూ చుట్టేసి మెయిలు మీద తేలుతోంది. గీత పడాల్సింది ఒక చోట, పడేది ఇంకో చోట. పన్నెండు ముఖాలు ఈరోజే వెళ్లాలి, అందుకే పిలిపించింది.

మెకానిక్కు పనిమంతుడు. సెట్టింగుల్లోకి వెళ్లి, పెన్ను మూడు తెరలకీ కలిపి మ్యాపయి ఉందని చూపించి, ఒక్క పెన్ డిస్‌ప్లేకే మార్చాడు. రెండు నిమిషాల పని. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కుదురుగా కూర్చుని నాలుగు మూలలా పెన్ను ముట్టించి చూశాడు.

“అక్కా, కాలిబ్రేషన్ కూడా పోయింది, పెన్నుకీ తెరకీ పొంతన లేదు. గీత పెన్ను ముల్లుకి ఎడమ పక్కన పడుతోంది, అన్ని చోట్లా ఒకేలా” అన్నాడు.

అతనికి చెప్పడమంటే సరదా. పై గాజుకీ కింది తెరకీ మధ్య సందు ఉంటుందనీ, కన్ను ఎటు ఉంటే బొమ్మ ఆ వైపుకి జరిగినట్టు కనిపిస్తుందనీ, దాన్నే పారలాక్స్ అంటారనీ చెప్పాడు. అప్పటికే డైరెక్టరమ్మ వెనక నిలబడి వింటోంది.

“దీన్ని సెట్ చేసినవాళ్లు బాగా కుడి పక్కనుంచి చూశారు. మామూలుగా ఎవరూ అలా కూర్చోరు” అని అతను నవ్వాడు.

అక్క నవ్వలేకపోయింది. మెడనొప్పి అని ఏదో గొణిగింది. డైరెక్టరమ్మ అక్కడి నుంచి కదల్లేదు.

మళ్లీ సెట్ చేద్దాం, మీరు గీసేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి అని అతను కుర్చీ ఖాళీ చేశాడు. తెర మీద ప్లస్ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, వాటి నడిమధ్యన పెన్ను ముట్టించాలి. నాలుగే గుర్తులు. అవి సరిగ్గా ముట్టాలంటే ముఖం తిప్పాలి, ఇప్పుడు తిప్పితే మెడనొప్పి మాట చెల్లదు, గుట్టు రట్టు. తిప్పకపోతే గుర్తే కనిపించదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తను పిలిచిన మనిషి, తన కుర్చీ, తన పెన్ను. ఎవరిని తిట్టుకోవాలో తెలియక అక్కకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ల చెయ్యి చెప్పినట్టు వింటుందిలే అనుకుని, నిటారుగా కూర్చుంది.

మొదటి గుర్తు ఎడమ పై మూలన వస్తుందని గుర్తుంది. చూసింది. అక్కడ మసక తప్ప ఏమీ లేదు. అంచనాతో ముట్టించింది. యంత్రానికి అడగడం రాదు, ముట్టించిన చోటే సరైనదని నమ్మి ముందుకు పోయింది. రెండోది, మూడోది, నాలుగోది. పూర్తయిందని తెర చెప్పింది.

మెకానిక్కు పక్కనుంచి వంగి పెన్ను తీసుకుని గీశాడు. గీత ముల్లుకి బొటనవేలి వెడల్పు దూరంలో పడింది. ఇంకోసారి గీశాడు, ఇంకో మూలన ఇంకో వైపుకి పడింది. ఈసారి అతను పారలాక్స్ గురించి చెప్పలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గొంతు తగ్గించాడు.

“అక్కా, మీకు ఆ గుర్తులు కనిపించాయా?”

ఆమె డైరెక్టరమ్మ వైపు చూసింది. నేరుగా చూసింది కాబట్టి అక్కడ ముఖం ఉండాల్సిన చోట మచ్చే ఉంది. ఆ ముఖంలో జాలి ఉందో, కోపం ఉందో తెలుసుకోవాలంటే తల తిప్పాలి.

అక్క తల ఎడమకు తిప్పింది.