ఏంజెల్ పేరు మీద వచ్చిన రిక్వెస్టు

జమ్మికుంట పత్తి మార్కెట్ రోడ్డులో హెప్సిబాకు బట్టలు కుట్టే చిన్న షాపు ఉంది. ఆ ఎండాకాలం కొత్త మిషన్ కొనుక్కుంది. చీరల అంచులు కుట్టే పాత పీకో మిషన్‌ను అమ్మేద్దామని ఫోటో తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టింది. ఈ సంగతి ముందుగా చెప్పింది చెల్లెలు ఏంజెల్‌కే. హెప్సిబా జీవితంలో ఏ సంగతైనా ఏంజెల్ చెవిన పడ్డాకే లోకానికి తెలిసేది. మోటరు కాలిపోతే మళ్లీ చుట్టించిన ముచ్చట కూడా ఆమెకే చెప్పింది. ప్రకటనలో మాత్రం రాయలేదు. రాస్తే గిరాకీ పోతుందని.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశాడు. కరీంనగర్‌లో టైలరింగ్ నేర్పే సెంటర్ నడుపుతున్నానన్నాడు. బేరమే ఆడలేదు.

"మోటరు చుట్టించారట కదా మేడమ్, పర్వాలేదు. అడ్వాన్స్ ఇప్పుడే పంపిస్తాను. యాప్‌లో రిక్వెస్టు వస్తుంది. పే అని నొక్కి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడతాయి."

షాపులో పెళ్లి జాకెట్ల కోసం ఇద్దరు ఆడవాళ్లు నిలబడి తొందరపెడుతున్నారు. హెప్సిబా చేతిలో కత్తెర అట్లాగే ఉంది. రిక్వెస్టు రాగానే తెరిచి, వచ్చినదాన్ని సరిగా చూడకుండానే నొక్కి పిన్ కొట్టింది. మెసేజ్ వచ్చింది. రెండు వేలు ఖాతాలోంచి పోయాయి.

"అయ్యో, సర్వర్ తప్పు మేడమ్," అన్నాడు అతను, ఏ తడబాటూ లేకుండా. "ఇంకో రిక్వెస్టు పంపుతున్నా. దాన్ని ఓకే చేస్తే రెండూ కలిసి వెనక్కి వస్తాయి. తొందరగా చేయండి, పది నిమిషాల్లో ఎక్స్‌పైర్ అయిపోతే మీ డబ్బు పోయినట్టే."

ఆ తొందరే హెప్సిబాను ఆపింది. గిరాకీ వాళ్లను కూర్చోమని, కత్తెర కింద పెట్టి, తెర మీద ఉన్నది మొదటిసారి నిదానంగా చదివింది. వచ్చిన రిక్వెస్టు పెండింగ్‌లో ఉంది. కింద రాసిన మాట 'రీఫండ్'. కానీ ఆ మాట అవతలివాడు టైపు చేసింది, యాప్ చెప్పింది కాదు. యాప్ చెబుతున్నది వేరు: ఫలానా వ్యక్తి నీ దగ్గర రెండు వేలు అడుగుతున్నారు, చెల్లిస్తావా, తిరస్కరిస్తావా. గడువు పది నిమిషాలు కాదు, రేపు సాయంత్రం దాకా ఉంది. పైసలు రావాలంటే పిన్ ఎందుకు కొట్టాలి? జాకెట్లు కుట్టించుకున్న వాళ్లు ఎంతమంది ఫోన్‌లో పైసలు పంపలేదు, ఏనాడైనా పిన్ కొట్టి తీసుకుందా?

ఇంత చదివాక పైనున్న పేరు చదివింది. కొలుగూరి ఏంజెల్.

ఒక్క క్షణం అది ఇంకో ఏంజెల్ అనుకుంది. మొదటి చెల్లింపు తెరిచి చూసింది. అక్కడా అదే పేరు. అప్పుడు తట్టింది, మోటరు చుట్టించిన సంగతి ఫోన్‌లో మాట్లాడిన మనిషికి ఎట్లా తెలిసిందో. ఫోన్ పెట్టేసింది. అతను మళ్లీ మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

పక్కనే గాజుల షాపు నడిపే యాస్మీన్ ఆమె మొహం చూసి వచ్చింది. విషయం విని, "రిక్వెస్టును జర అట్లనే ఉండనియ్యి. నువ్వు పిన్ కొట్టకుంటే అది ఏం గుంజుకోదు, గడువు అయిపోంగనే దానంతటదే పోతది," అంది. "ముందుగాల సైబర్ మోసాల నంబరు పంతొమ్మిది ముప్పైకి ఫోన్ కొట్టు. లేట్ జేస్తే పైసలు ఇంకో అకౌంట్‌కు పోతయ్."

"కొడుత యాస్మీన్. చెల్లెను అడిగి కొడుత."

"చెల్లెనా?"

హెప్సిబా తెర ఫోటో తీసుకుని, షాపు షట్టరు వేసి, హుజూరాబాద్ బస్సెక్కి, అక్కడి నుంచి చెల్లెలుండే హుస్నాబాద్‌కు బస్సు పట్టింది. దారి పొడుగునా చెల్లెలు దోషి కాదని చెప్పే కారణాలే వెతుక్కుంది. ఎవరో ఫోన్ కొట్టేసి ఉంటారు. సిమ్ పోయి ఉంటుంది. పేరు కలిసి ఉంటుంది.

ఏంజెల్ తలుపు తీసి నవ్వబోయింది. అక్క ఫోన్ చూపించగానే ఆ నవ్వు అక్కడే ఆగింది.

"ఇది నీ అకౌంటేనా చెల్లె?"

ఏంజెల్ భర్త జేమ్స్ లోపలి గదిలోంచి వచ్చి, తెర చూసి, మళ్లీ లోపలికి పోయాడు. ఆ పోవడంతోనే హెప్సిబా వెతుక్కున్న కారణాలన్నీ పోయాయి.

"అకౌంటు నాదే అక్కా," అంది ఏంజెల్ చివరికి. "మీ మరిది ఎవల్కో కిరాయికి ఇచ్చిండు. వచ్చినదాంట్ల జరంత మాకిస్తరట. సిమ్ము, కార్డు అన్నీ ఇచ్చినం. ఏం జేస్తరో నేను అడుగలే."

"మోటరు ముచ్చట గూడ కిరాయికి ఇచ్చిండ్రా?"

ఏంజెల్ తల వంచింది. "పాత సామాన్లు అమ్మేటోళ్లు ఎవలన్న ఎరుకనా అని ఆయనను అడిగిండ్రట. నేను ఇంట్ల నీ ముచ్చట చెప్పంగ విన్నడు. నీకే ఫోన్ జేస్తరని నాకు ఎరుకలేదక్కా, దేవుని తోడు."

"నాకు కాకుంటే ఎవల్కన్న చేస్తరని ఎరుకే గదా."

గదిలోంచి జేమ్స్ గొంతు వచ్చింది: "వదినా, రెండు వేలే గదా, నేనిస్త. ఎవల్కి చెప్పకు. చెప్తే దీని అకౌంటు బందయితది, కేసయితది."

ఏంజెల్ అక్క చేయి పట్టుకుంది. "అక్కా, నన్ను జూసి ఊకో."

చిన్నప్పుడు చర్చిలో పాటల వరుసలో నిలబడ్డప్పుడు భయమేస్తే ఇట్లాగే పట్టుకునేది. హెప్సిబా ఆ చేతిని విదిలించలేదు. మెల్లగా విడిపించుకుని వాకిట్లోకి వచ్చింది. పంతొమ్మిది ముప్పైకి ఫోన్ చేసి తన ఖాతా, చెల్లింపు నంబరు, పైసలు పోయిన వేళ అన్నీ చెప్పింది. ఎవరి పేరు కనబడిందని అవతల అడిగారు. "కొలుగూరి ఏంజెల్," అంది. "నా చెల్లె."

లోపల ఏంజెల్ ఏడుపు వినబడింది. హెప్సిబా తిరిగి లోపలికి పోలేదు.

మరుసటి సాయంత్రం ఆ రిక్వెస్టు గడువు తీరిపోయింది. ఖాతాలోంచి ఇంకొక్క రూపాయి కదలలేదు. ఏంజెల్ ఖాతాను బ్యాంకు ఆపేసింది. రెండు వేలు అందులోనే నిలిచి ఉన్నాయని, కోర్టు చెప్పాక తిరిగి వస్తాయని పోలీసులు అన్నారు. అదే ఖాతాకు వేరే ఊళ్ల వాళ్ల పైసలూ వచ్చాయట. అందరివీ రెండు వేలకు మించని ముక్కలే. మామూలు మనుషులు రిక్వెస్టు పెట్టి అడగడానికి అప్పుడు అంతకు మించి వీలు లేదు. జేమ్స్‌ను పిలిపించి వాంగ్మూలం రాయించుకున్నారు. ఖాతాను కిరాయికి తీసుకున్నవాడు దొరకలేదు. ఆ అక్టోబరు నుంచి మామూలు మనుషులు ఒకరినొకరు ఇట్లా పైసలు అడిగే ఏర్పాటునే తీసేశారు. అప్పటికి అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు కూడా సగం ఆగిపోయాయి.

క్రిస్మస్ ముందు ఏంజెల్ ఫోన్ చేసింది. ఇద్దరూ ఆరోగ్యం అడిగారు, చలి అడిగారు, చర్చి అడిగారు.

"ఇంకేం ముచ్చట అక్కా?" అంది ఏంజెల్, పాత అలవాటుగా.

ఆ రోజు పొద్దున్నే హెప్సిబా పక్క గది కూడా అద్దెకు తీసుకుని షాపు పెంచుకుంది. ఆ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలని నోటి దాకా వచ్చింది.

"ఏం లేదు చెల్లె," అంది.

అవతల ఏంజెల్ "సరే అక్కా, ఉంట మరి," అని పెట్టేసింది.