అన్యుల చీకటి

‘మోకరించుదము’ అన్న మాటను అడ్డంగా కొట్టేసి, దాని పైన కత్తెరక్క ఇలా రాసింది: ‘ఇష్టమైనవారు మోకరించండి, మిగిలినవారు కూర్చునే ఉండవచ్చు.’ సాయంత్రమే పెళ్లి. పెళ్లికొడుకు ఈ చర్చివాడు. పెళ్లికూతురివాళ్లది వేరే మతం. వచ్చేవాళ్లలో సగంమందికి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో కూడా తెలియదు. వాళ్లను నలుగురిలో వెర్రిమొహాలు వేయించకుండా ఫాదర్‌గారి దీవెనను సరిచేయడం ఆమె పని. జీవితమంతా ఆ చర్చి ఆఫీసులోనే టైపు కొట్టింది, కుర్చీలు వేయించింది, మైకు చూసుకుంది. ఎవరి మాటనైనా కత్తిరిస్తుందని ఆ పేరు.

ప్రమాణాల జోలికి ఆమె పోలేదు. అవి మారిస్తే పెళ్లే చెల్లదు. రొట్టె, ద్రాక్షారసం పంచే పూజను ఫాదర్‌గారే వద్దన్నారు. సగంమంది తీసుకోలేని విందు పెట్టి ఏం లాభం? ‘ఆమేన్’ పక్కన ‘అలాగే జరుగుగాక అని అర్థం, అనాలనిపిస్తే అనండి’ అని చేర్చింది. చివర్లో ఒక్క నిమిషం మౌనం పెట్టింది, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవడానికి.

పెళ్లికొడుకు మేనమామ తలుపు దగ్గరే నిలబడి సలహా పారేశాడు. “అసలు ప్రభువు పేరే తీసేయండక్కా, గొడవ వదిలిపోతుంది.”

“ఫాదర్‌గారి ప్రార్థనలో ఆయన దేవుడు లేకపోతే ఇంకెందుకు? తన దేవుణ్ణి తను అడగనీ. ఎదుటివాళ్లను తిట్టకుండా ఉంటే చాలు.”

తిట్టే వాక్యం ఒకటుంది. ‘అన్యుల చీకటిలోనుండి ఈ కుమార్తెను నీ వెలుగులోకి తెచ్చితివి.’ దాన్ని కొట్టేటప్పుడు కాగితం చిరిగింది. ఆ చోట ‘ఈ బిడ్డను కని, పెంచి, మాకిచ్చిన తల్లిదండ్రులను దీవించుము’ అని రాసింది.

ఫాదర్‌గారు చూసి ఒంటికాలి మీద లేచారు. “ఈ వాక్యం ఎందుకు తీశావు?”

“ఇది ప్రార్థన పుస్తకంలో ఉందా ఫాదర్?”

“లేదు. మా పెద్ద ఫాదర్ అనేవారు, నాకూ అలవాటైంది. పెళ్లివాళ్లకు లేని దురద నీకెందుకమ్మా?”

“నా పెళ్లిలోనూ మీరిదే అన్నారు. మా అమ్మ ముందు వరసలో ఉంది. మీ దృష్టిలో ఆమె అన్యురాలు. లేచి వెళ్లిపోయింది. మళ్లీ నా గడప తొక్కలేదు. పోయిందన్న కబురు కూడా పక్కింటావిడ చెబితే తెలిసింది.”

“అలాగా?” ఆయన గడ్డం గోక్కున్నారు. “గుర్తులేదే.”

ఆమె ఒళ్లు మండిపోయింది. తన బతుకంతా కాల్చిన మాట, అన్న మనిషికి గుర్తు కూడా లేదు! పళ్లు బిగించి, “కాగితం చూసి చదవండి ఫాదర్. కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. నోటికి వదిలేయకండి,” అంది.

“సరే తల్లీ, చూసే చదువుతాను.”

సాయంత్రం పెళ్లిలో చూసే చదివారు. మోకరించేవాళ్లు మోకరించారు, కూర్చున్నవాళ్లను ఎవరూ గుచ్చి చూడలేదు. మైకు పక్కన నిలబడ్డ కత్తెరక్క గుండె కాస్త కుదుటపడింది. అంతలో ఫాదర్‌గారికి భక్తి పొంగుకొచ్చింది. కళ్లద్దాలు తీసి, కాగితం మడిచి, కళ్లు మూసుకున్నారు. నోరు పాత దారే పట్టింది.

“అన్యుల చీకటిలోనుండి ఈ కుమార్తెను...”

ముందు వరసలో పెళ్లికూతురి తల్లి లేచింది. చప్పుడు లేదు, ఏడుపు లేదు. చీర సర్దుకుని, గోడ వారనే నడిచి బయటికి వెళ్లిపోయింది. పెళ్లికూతురు వెనక్కి తిరిగి చూసింది. ఆమె చేయి పెళ్లికొడుకు చేతిలో ఉండిపోయింది. ఫాదర్‌గారు ఆమేన్ అని కళ్లు తెరిచి, అందరి వైపూ చూసి ప్రేమగా నవ్వారు. ఆ నవ్వు చూసి కత్తెరక్కకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆయనకు ఇది కూడా గుర్తుండదు.

మైకు వైరు పీకేసింది. ఆయన పెదవులు ఆడుతున్నాయి, మాట ఎవరికీ వినబడలేదు. ఆనాడు తన తల్లి వెనక ఒక్కరైనా వెళ్లలేదు. కత్తెరక్క జనం మధ్యనుంచే, అందరూ చూస్తుండగా, వీధిలోకి పరుగెత్తింది.

“వదినా, ఆగండి!” అన్న ఆమె కేక లోపలిదాకా వినిపించింది. తర్వాత అదీ దూరమైంది.

ముందు వరసలో ఖాళీ అయిన కుర్చీ కింద, కాలు కరుస్తున్నాయని విడిచినవి కాబోలు, పెళ్లికని కొన్న కొత్త చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.