వంతెన కనబడేదాకా

"ఇప్పుడు మీ కుడిచేతి వైపు చూడండి" అని దేవకుమారి మైకులో అనగానే బస్సులో ఉన్న పాతికమందీ ఒక్కసారిగా కుడివైపు తిరిగారు. అక్కడ వంతెన లేదు. మరుగుదొడ్ల గోడ ఉంది, దాని మీద సిమెంటు ప్రకటన ఉంది. పాత రైలు వంతెన ఎప్పుడో వెనకపడిపోయింది.

"గోడ చూడమంటున్నారేంటండీ?" అంది ముందు సీట్లో కూర్చున్న అచ్చాయమ్మగారు. కాకినాడ నుంచి మనవరాలితో వచ్చిన పెద్దావిడ, పాపం, నిజంగానే అడిగింది.

దేవకుమారి మైకు దించేసింది. పన్నెండేళ్లుగా ప్రతి శనివారం రాజమండ్రి కోటిలింగాల రేవులో ఈ బస్సెక్కి, చూడవచ్చినవాళ్లకి ధవళేశ్వరం, కడియం చూపించి సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చేది ఆవిడే. అంతకుముందు సోషల్ టీచరు. లూథరన్ చర్చిలో వాక్యం చదివి చదివి, చివరి బెంచీదాకా వినబడే గొంతు వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ చెప్పిన వంతెన కిటికీలో కనబడకపోవడం ఇదే మొదలు.

ఆవిడ పద్ధతి ఆవిడకుంది. నోటుబుక్కులో ప్రతి చోటుకీ ఒక ముక్క రాసుకుంది. పెట్రోలు బంకు దాటగానే వంతెన ముక్క ఎత్తుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర దాన్నెలా కట్టారో, నదిలో పడవలెలా నడిచేవో చెబుతూ వస్తే, ఆఖరి వాక్యానికి వంతెన ఎదురవ్వాలి. ప్రతి ముక్కలో ఒకచోట ఎర్ర గీత. తొందరగా వచ్చేస్తే అక్కడ ఆపేయొచ్చు. ఇక ట్రాఫిక్కులో ఇరుక్కుంటే చెప్పడానికి ఏ చోటుతోనూ పనిలేని జేబుకథలు ఓ ఎనిమిది. ఇంత ఏర్పాటు చేసుకున్న మనిషికి ఈ గతి ఏమిటి?

అందులోనూ ఇవాళే! చివరి సీట్లో యజమాని జగన్నాథరావు కూర్చున్నాడు, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని. ఆ పెట్టెలో ఉన్న యంత్రం జీపీఎస్‌తో బస్సు ఎక్కడుందో కనిపెట్టి, ఆ చోటు రాగానే రికార్డు చేసిన మాటలు తనే చెబుతుందట. "ఒకసారి మీది విని, తర్వాత దీన్ని విని, ఏది ఉంచాలో చూద్దామండి" అన్నాడు పొద్దున. ఎంత మెత్తగా అన్నా అర్థం ఒకటే. ఇవాళ బాగా లేకపోతే వచ్చే నెల నుంచి మైకు ఉండదు.

ధవళేశ్వరంలోనూ అంతే. 'పద్దెనిమిది వందల యాభైల్లో మొదటి ఆనకట్ట కట్టాక ఈ డెల్టా మొహమే మారిపోయింది' అని సగం చెప్పేసరికి బస్సు బ్యారేజీ దగ్గర ఆగి తలుపు తెరుచుకుంది. జనం దిగిపోయారు. మిగతా సగం ఖాళీ సీట్లకు చెప్పింది.

నాకు వయసు మీదపడిందా? మాట నెమ్మదించిందా? గడియారం చూసుకుంది. పెట్రోలు బంకు నుంచి వంతెనకు ఎప్పుడూ రెండున్నర నిమిషాలు. ఇవాళ నిమిషంన్నర. రోడ్డేమైనా పొట్టిదైపోయిందా అన్న పిచ్చి అనుమానం కూడా వచ్చింది.

తేడా ఒక్కటే. ఎప్పుడూ ఈ బస్సు నడిపే పల్లంరాజు తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లాడు. బదులు దొరబాబు వచ్చాడు. కుర్రాడేం దురుసుగా తోలడం లేదు, అందరిలాగే నడుపుతున్నాడు.

కడియం పోయేదారిలో బస్సు ఆగిపోయింది. కొబ్బరి మొక్కల లారీ ఒకటి మలుపులో అడ్డంగా దిగబడింది. ముందూ వెనకా కదలని వరస. దేవకుమారి జేబుకథలు తీసింది. ఐదు కథలయ్యాయి. ఆరోదాని మధ్యలో దొరబాబు ఉన్నట్టుండి బండి పక్కకు తిప్పి, కాలవగట్టు మీద అడ్డదారి పట్టాడు. కథ ఆపేసి, కంగారుగా కడియం ముక్క ఎత్తుకుంది.

"మీ ఎడమవైపు ఎకరాల కొద్దీ పూలమొక్కల నర్సరీలు."

ఎడమవైపు కాలవ. గేదెలు తలలెత్తి చూశాయి. బస్సు వెనకదారి నుంచి వస్తోంది కదా, నర్సరీలు కుడివైపున్నాయి.

"అమ్మమ్మా, పూలు ఇటు!" అని అరిచింది అచ్చాయమ్మగారి మనవరాలు. బస్సంతా నవ్వింది. వెనక జగన్నాథరావు నవ్వలేదు. అది మరీ కష్టంగా తోచింది.

నర్సరీ దగ్గర అందరూ దిగి మొక్కలు చూస్తుంటే, దేవకుమారి గులాబీ కుండీల చాటుకు పోయి పల్లంరాజుకు ఫోన్ చేసింది.

"పల్లంరాజుగారూ, నేనేమైనా తప్పుగా చెబుతున్నానా? ఇన్నేళ్లలో మీకెప్పుడైనా అనిపించిందా?"

"అదేంటండి టీచరుగారూ, ఏమైందండి?"

చెప్పింది.

"దొరబాబుకి చెప్పడం మర్చిపోయానండి. మీరు వంతెన కథ మొదలెట్టగానే నేను మూడో గేరుకొచ్చేస్తానండి. 'పడవలు' అన్నాక రెండో గేరు. మీరు 'ఇప్పుడు' అనేదాకా బ్రేకు మీంచి కాలు తీయనండి. అడ్డదారి పోవాల్సొస్తే గట్టిగా దగ్గుతాను కదండీ, మీరు తిరిగి చూస్తారు."

"మీరు నాకోసం ఆపేవారా?"

"మీరు రోడ్డు చూడరు కదండీ. మీ వీపు ఎప్పుడూ బస్సు ముందద్దం వైపే. అందుకని."

ఫోన్ పెట్టేశాక దేవకుమారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సుకు తగ్గట్టు మాట్లాడుతున్నాననుకుంది. బస్సే తన మాటకు తగ్గట్టు నడిచింది! చర్చిలో వాక్యం చదివినట్టు జనం మొహాలు చూస్తూ చెప్పుకుపోయిందే గాని, పన్నెండేళ్లలో ఒక్కసారి రోడ్డు వైపు తిరగలేదు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

తిరుగుప్రయాణంలో ఆవిడ డ్రైవరు పక్క సీట్లో, అద్దానికి ఎదురుగా కూర్చుంది. నోటుబుక్కు సంచిలో పెట్టేసింది. కంటికి కనబడ్డాకే నోరు విప్పింది. పొట్టి పొట్టి మాటలు. బండి ఆగితే జేబుకథ, కదిలితే ఎక్కడికక్కడ ఆపేయడం. ఒకటి రెండుసార్లు తడబడింది గాని, ఎవరూ గోడ చూడలేదు.

జగన్నాథరావు దిగుతూ, "వచ్చే శనివారం పల్లంరాజు బండిలో కూడా విని చెబుతానండి" అన్నాడు. పెట్టె మళ్లీ చంకలో పెట్టుకునే వెళ్లాడు.

మరుసటి శనివారం పల్లంరాజు వచ్చాడు. దేవకుమారి అద్దానికి ఎదురుగానే కూర్చుంది. పెట్రోలు బంకు దాటింది. వంతెన ఇంకా కనబడలేదు గనక ఆవిడ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడలేదు గనక పల్లంరాజు మూడో గేరుకొచ్చాడు, రెండో గేరుకొచ్చాడు. చివరికి వంతెనకు ముందు మలుపులో బస్సు నిలబడిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"చెప్పండి టీచరుగారూ, పోనిస్తాను."

"మీరు పోనివ్వండి, చెబుతాను."

"మీరు చెప్పందే ఎలాగండి?"

"వంతెన కనబడందే ఏం చెప్పనండీ?"

"ఏంటండీ, ఎందుకు ఆపారు?" అంటూ జగన్నాథరావు వెనకనుంచి లేచి వచ్చాడు, పెట్టెతో సహా.

అబద్ధం చెబితే సరిపోయేది, ఏదో ట్రాఫిక్కనో, ఇంజననో. దేవకుమారి మైకు అందుకుంది. మైకున్నా ఈసారి ఆవిడ గొంతు చివరి సీటుదాకా వెళ్లలేదు.

"అయ్యా, అమ్మా, ఇన్నాళ్లూ ఈ బస్సులో ప్రతిదీ వేళకు కనబడిందంటే అది నా గొప్ప కాదండి. ఈ పల్లంరాజుగారు నా మాట వింటూ, నా మాట అయ్యేదాకా బండి ఆపి ఆపి నడిపారు. పన్నెండేళ్లు. నాకు పోయిన వారం దాకా తెలియదు. మీ అందరి ముందూ ఆయనకి దణ్ణం పెడుతున్నాను."

పల్లంరాజు తలొంచుకుని స్టీరింగు తుడిచాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. తర్వాత గేరు వేశాడు. బస్సు మలుపు తిరిగింది. ఎండలో పాత వంతెన ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఒక్కసారిగా కనబడింది.

"ఇప్పుడు" అంది దేవకుమారి.

పాతికమందీ కుడివైపు తిరిగారు. జగన్నాథరావు కూడా వంగి చూశాడు. రెండు చేతులతో కిటికీ ఊచ పట్టుకోవలసి వచ్చి, పెట్టెను కాళ్ల దగ్గర కింద పెట్టేశాడు. సాయంత్రం దిగేటప్పుడు దాన్ని అక్కడే మర్చిపోయాడు.

దేవకుమారి వెనకనుంచి కేకేసి, తెచ్చి చేతికిచ్చింది.

"షాపువాడికి తిరిగిచ్చేస్తానండి" అన్నాడు ఆయన. "వచ్చే శనివారం మాత్రం హారన్లు కొట్టించకండి. ఎవరు ముందో మీరిద్దరూ మాట్లాడుకోండి."