తేట నీళ్లు, మంచినీళ్లు

ఉదయలక్ష్మి టీచరు ఆ చార్టులోంచి తీయించింది ఒక్క వాక్యమే. అది తీయించకపోతే ఈ కథే లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న ప్రైవేటు బడిలో ఆవిడ ఇప్పటికీ మనశ్శాంతిగా సైన్సు చెప్పుకుంటూ ఉండేది.

సైన్సు ప్రదర్శనకు ఎనిమిదో తరగతి పిల్లలు నీళ్ల ఫిల్టరు కట్టారు. ఖర్చు లేని పని. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టారు. మూతికి పాత పంచె గుడ్డ కట్టారు. దానిమీద ఇస్త్రీ బండి గోపయ్య ఇచ్చిన బొగ్గులు నలగ్గొట్టి పోశారు. ఆపైన సన్న ఇసుక, దాని మీద దొడ్డు ఇసుక, అన్నిటికీ పైన గులకరాళ్లు. ఇసుక ఏడెనిమిది నీళ్లు కడిగితేగానీ మట్టి వదల్లేదు. మొదటి రెండు చెంబులూ పోస్తే కింద నల్లటి నీళ్లే వచ్చాయి. పిల్లలు గొల్లున నవ్వారు. "బొగ్గు పొడి కొట్టుకొస్తోంది, పారబొయ్యండి. ఆ తరవాతవే లెక్క" అంది టీచరు.

పరీక్షా పద్ధతిగానే చేశారు. తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌పెన్నుతో ఇంటూ గుర్తు గీసి, దానిమీద పొడుగాటి గాజు పాత్ర పెట్టారు. పైనుంచి చూస్తూ మట్టి నీళ్లు కొద్దికొద్దిగా పోశారు. ఆరు సెంటీమీటర్లు నిండేసరికి ఇంటూ మాయమైంది. వడకట్టిన నీళ్లు అంచుదాకా, ముప్పై సెంటీమీటర్లు పోసినా గుర్తు చక్కగా కనిపిస్తూనే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరుకు కూడా ముచ్చటేసింది.

చార్టు రాసింది తేజస్విని, క్లాసులో అందరికన్నా బుద్ధిమంతురాలు. ఒక బొమ్మ కింద "మురికి నీళ్లు" అనీ, రెండోదాని కింద "తేట నీళ్లు" అనీ రాసింది. అడుగున ఎర్ర అక్షరాలతో "ఈ నీళ్లలో క్రిములు ఉండవచ్చు. మరిగించకుండా తాగరాదు" అని పెట్టింది.

"ఆ ఎర్ర లైను ఎందుకే? మన ఫిల్టరును మనమే తక్కువ చేసుకున్నట్టుంటుంది. తీసెయ్. 'తేట' కూడా వద్దు, 'మంచినీళ్లు' అని రాయి. చదవడానికి నిండుగా ఉంటుంది" అంది ఉదయలక్ష్మి. ఆవిడకు తెలియక కాదు. ఎల్‌బీ నగర్‌లో జరిగే ప్రదర్శనలో జడ్జీల కళ్లు జిగేల్‌మనాలనుకుంది. మనిషికి అత్యాశ ఎక్కువైనప్పుడు తెలిసిన చదువే ముందుగా అటకెక్కుతుంది.

ఆ బడిలో ఆయా యాదలక్ష్మి. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి నాగోల్ దగ్గర మూసీ ఒడ్డున కిరాయి ఇంట్లో ఉంటోంది. ప్రతి పిరియడ్ మధ్యా గ్లాసు పట్టుకొచ్చి "మంచినీళ్లు టీచరమ్మా" అని బల్లమీద పెట్టడం ఆమె పని. చార్టు గోడకు కట్టింది కూడా ఆమే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకుంది.

"టీచరమ్మా, మా నల్లాల నీళ్లు వారం సంది మట్టి మట్టిగొస్తున్నయ్. గిది నేను గూడ చేస్కోవచ్చా?"

"ఎందుకు చేసుకోకూడదు? మిగిలిన ఇసుక, బొగ్గు తీసుకెళ్లు" అంది ఉదయలక్ష్మి, పుస్తకాలు దిద్దుతూ, తల ఎత్తకుండానే. ఆ తల ఎత్తి ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఆరోనాటి నుంచి మూడు రోజులు యాదలక్ష్మి రాలేదు. నాలుగేళ్ల మనవరాలు విజయశ్రీకి వాంతులు, విరేచనాలట, రెండు రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించారట. అది విన్న ఉదయలక్ష్మికి అడగకుండానే కారణం తెలిసిపోయింది. సాయంత్రం బడి వదలగానే నాగోల్‌కి వెళ్లింది.

ఒక్క గది ఇల్లు. తలుపు పక్క మేకుకు సీసా వేలాడుతోంది. గుడ్డ, బొగ్గు, సన్న ఇసుక, దొడ్డు ఇసుక, గులకరాళ్లు. పిల్లలు కట్టినదానికన్నా పొందికగా ఉంది. కింద పీటమీద గాజు సీసా, దానికింద కాగితం. కాగితం మీద కాటుకతో గీసిన ఇంటూ.

"బడిల పిల్లలు జేసినట్లనే చూసిన టీచరమ్మా. నల్లా నీళ్లల్ల ఇంటూ కనవడలే, గీ సీసలకెల్లి వచ్చిన నీళ్లల్ల మంచిగ కనవడ్డది. ఇంతకుముందు కాగవెట్టి తాగుతుంటిమి. మంచినీళ్లని రాసిండ్రు గద, ఇగ గ్యాస్ ఎందుకు దండగని కాగవెట్టుడు బంద్ జేసిన" అంది యాదలక్ష్మి.

మంచంలో పిల్ల నిద్రపోతోంది. పెదాలు ఎండి ఉన్నాయి. పక్కనే కూర్చున్న యాదలక్ష్మి అత్త కౌసల్యమ్మ కాళ్లు మోకాళ్ల దగ్గర వంకర తిరిగి ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన వంకర కాదది, ఊళ్లో ఫ్లోరైడు నీళ్లు ఇచ్చింది.

"మా బాయి నీళ్లు గూడ తేటగనే ఉంటుండె బిడ్డా. మొఖం జూస్కోవచ్చు. నేను జెప్తనే ఉన్న, మట్టి వోయినంత మాత్రాన మంచియి కావే అని. గిదేమో టీచరమ్మ రాస్తే తప్పయితదా అన్నది" అంది ముసలామె. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ఉంటే తట్టుకోవడం తేలికయ్యేది.

యాదలక్ష్మి సీసా విప్పి టీచరు ముందు పెట్టింది. "జర జూడుండ్రి. నేనేడ తప్పు జేసిన? ఇసుక తక్కువ కడిగిన్నా?"

ఉదయలక్ష్మి తేలు కుట్టిన దొంగలా సీసావైపు చూసింది. తప్పు ఇసుకలో లేదు, బొగ్గులో లేదు. "ఇకనుంచి మరిగించి తాగండి" అని గొణిగి లేచింది. బస్సులో దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

శనివారం ఎల్‌బీ నగర్ ప్రదర్శనలో, జడ్జీలు రాకముందే, సంచిలోంచి ఎర్ర స్కెచ్‌పెన్ను తీసింది. 'మంచినీళ్లు' కొట్టేసి 'తేట నీళ్లు' అని రాసింది. కింద ఆ వాక్యం మళ్లీ రాసింది. చార్టు కొట్టివేతలతో అసహ్యంగా తయారైంది.

"మీరే వద్దన్నారు కదా టీచర్?" అంది తేజస్విని.

"అవును. తప్పు నాది. నువ్వు రాసిందే సరైనది."

జడ్జీలు వచ్చి చూసి, "దీంతో ఉపయోగమేంటమ్మా మరి?" అన్నారు. "మడ్డి పోతుంది సార్, క్రిములు పోవు. ఆ తరవాత మరిగించుకోవాలి" అని తేజస్విని గట్టిగా చెప్పింది. బహుమతి రాలేదు. రావాలని కూడా టీచరు అనుకోలేదు.

సోమవారం యాదలక్ష్మి పనిలోకి వచ్చింది. పిల్లకు నయమైందట, జావ తాగుతోందట. స్టాఫ్ రూములో ఎవరూ లేని సమయం చూసి ఉదయలక్ష్మి చెప్పేసింది. చార్టులో ఏముండేదో, ఎవరు తీయించారో, ఎందుకు తీయించారో. "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు యాదలక్ష్మీ. నాకు తెలుసు. తెలిసే తీయించాను."

యాదలక్ష్మి అంతా విన్నది. తరవాత బయటికి వెళ్లింది. ఇక రాదనుకుంది టీచరు. కానీ కాసేపటికి గ్లాసుతో వచ్చి, ఎప్పటిలాగే బల్లమీద పెట్టింది. ఇన్నేళ్లుగా అనే మాట మాత్రం అనలేదు.

"కాగవెట్టిన నీళ్లు, టీచరమ్మా" అంది.

గ్లాసు ఇంకా గోరువెచ్చగా ఉంది. ఉదయలక్ష్మి చివరి చుక్కదాకా తాగింది.