పంపే గడి ఖాళీ

పదకొండు గంటలకి కేఫ్ కౌంటర్ ముందు తొమ్మిది మంది నిలబడ్డారు. బిల్లు బటన్ నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బిల్లులు కొట్టే యజమాని మరదలు మళ్ళీ నొక్కలేదు. రెండోసారి నొక్కితే రెండు బిల్లులు పడతాయని ఆమెకి తెలుసు.

ఆమె బావ, కేఫ్ యజమాని, వంటగదిలోంచి వచ్చి అందరూ వినేలా అన్నాడు. "దీని చేతులే నిదానం. రేపట్నుంచి ఇంకెవరినైనా కూర్చోబెడతా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా కేఫ్ తలుపు తెరిచేది ఆమే. వారం నుంచి బిల్లులు నత్తనడక నడుస్తుంటే తప్పు మిషన్‌ది కాదు, నెట్‌ది కాదు, ఆమె వేళ్ళదట! అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది ఈయన వరస.

అదృష్టం కొద్దీ, నెట్ బిగించినాయన అప్పుడే వచ్చాడు. కేఫ్‌కి వచ్చేవాళ్ళు వైఫై అంతా లాగేసుకోకుండా తలా రెండు ఎంబీ చొప్పున లిమిట్ పెట్టింది ఆయనే. ఆ లిమిట్ లేని బిల్లింగ్ లైన్‌కి తన ఫోన్ కలిపి, స్పీడ్ చూసి తేల్చేశాడు.

"ముప్పై ఎనిమిది ఎంబీ వస్తోంది సార్. నెట్ బ్రహ్మాండం."

బావ ఆమె వైపు 'చూశావా' అన్నట్టు చూశాడు.

"ఆ కింద సున్నా పాయింట్ ఒకటి ఏంటండీ?" అందామె, ఆయన ఫోన్‌లోకి తొంగి చూసి.

"అది అప్‌లోడ్ మేడమ్. ఇక్కడి నుంచి బయటికి పంపేది."

"బిల్లు మాకు బయట్నుంచి వస్తుందా, మేం సర్వర్‌కి పంపుతామా?"

నెట్ ఆయన గబగబా లాప్‌టాప్ తెరిచి కస్టమర్లు వాడే గెస్ట్ వైఫై సెట్టింగుల పేజీ చూపించాడు. డౌన్‌లోడ్ గడిలో రెండు ఉంది. అప్‌లోడ్ గడి ఖాళీ. ఖాళీ అంటే హద్దే లేదన్నమాట. మూల టేబుల్ దగ్గర పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్ వారం నుంచి రోజూ పొద్దున్నే ఒక కాఫీ చెప్పి, గంటల కొద్దీ వీడియోలు ఎక్కిస్తున్నాడు. ఆయన తప్పేముంది, తలుపు తీసి పెట్టింది వీళ్ళే. బయటికి వెళ్ళే దారి ఉన్నదే అయిదు ఎంబీలది. అదంతా ఆయన వీడియోలతోనే నిండిపోతోంది.

నెట్ ఆయన అప్‌లోడ్‌కి కూడా తలా అర ఎంబీ పెట్టి సేవ్ చేశాడు. నిమిషంలోపే చక్రం ఆగి, బిల్లు టక్కున బయటికొచ్చింది.

"హమ్మయ్య, తీరిపోయిందిగా. కానివ్వు, కానివ్వు," అన్నాడు బావ, వంటగది వైపు తిరుగుతూ.

ఏం తీరిపోయింది? ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నన్ను నలుగురి ముందు అన్నావు. ఆ నలుగురూ ఇంకా ఇక్కడే ఉన్నారు బావా."

ఆయన మెడ రుద్దుకున్నాడు. వరసలో వాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. "తప్పు దీనిది కాదు," అని గొణిగాడు.

"వెనకాల వాళ్ళకి వినపడలేదు."

"తప్పు నా మరదలిది కాదండీ! నాదీ, ఈ నెట్ ఆయనదీ!"

అప్పుడు ఆమె కూర్చుని, తర్వాతి మనిషిని ఏం కావాలని అడిగింది.