పేపర్ కాని పని

యూనివర్సిటీ వదిలేసి కంపెనీ ఉద్యోగం చూసుకుందామని నేను తయారుచేసుకున్న పద్నాలుగు పేజీల సీవీని అక్క ఒక్క పేజీకి కుదించింది. కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేయడమే ఆవిడ ఉద్యోగం. పదకొండేళ్లలో నేను రాసిన ముప్పై ఒక్క రీసెర్చ్ పేపర్లు అడుగున ఒకే వరుసలోకి పోయాయి. నాకు ఒళ్లు మండింది.

"పేపర్లు సరే, ల్యాబ్‌లో నీ చేత్తో ఏం మార్చావే?" అంది.

"రెండు రోజులు పట్టే శాంపిళ్ల లెక్కలు మూడు గంటల్లో తేలేలా ప్రోగ్రామ్ రాశాను. నాలుగు ల్యాబ్‌లు ఇప్పటికీ వాడుతున్నాయి."

"మరి ఇందులో లేదేం?"

"అది పేపర్ కాలేదుగా అక్కా."

అక్క నుదురు కొట్టుకుని, దాన్నే అన్నిటికన్నా పైన టైప్ చేసింది.

పేపర్లు పక్కన పెట్టి ఆ ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చున్నందుకు అప్పట్లో మా రీసెర్చ్ గైడ్ చివాట్లు పెట్టారు. ఇంకెప్పుడూ అలాంటి పని చేయనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.